జాబితాలో లేని ఖర్చుని ఎక్కడ వెతకాలి?

"శ్రీకాకుళంలో ఒక సీఏ ఆఫీసులో ఆర్టికల్స్ చేస్తున్నాను, రెండో ఏడాది. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి ఆడిట్‌కి వెళ్లాం. అవుట్‌స్టాండింగ్, ప్రీపెయిడ్ ఖర్చులు నాకు అప్పగించారు. అక్కడి అకౌంటెంట్ గారు ఇచ్చిన జాబితా ట్యాలీతో రూపాయి తేడా లేకుండా కలిసింది, ప్రతి దానికీ కాగితం ఉంది. అన్నిటికీ టిక్కులు పెట్టి మా సార్‌కి చూపిస్తే 'ఇందులో లేనివేవమ్మా?' అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. మళ్లీ వెళ్లి చూస్తే ఏప్రిల్లో వచ్చిన బాయిలర్ రిపేరు బిల్లు, కూలీల పక్షం డబ్బులు, కరెంటు బిల్లు కనిపించాయి. 'ఏటా ఇంతే తల్లీ, సంవత్సరానికి పన్నెండు బిల్లులు పడ్డాయా లేదా? లెక్క దానంతటదే సరిపోతుంది' అన్నారు అకౌంటెంట్ గారు. ఆయనది మా నాన్నగారి వయసు. బ్యాంకు లిమిట్ రెన్యువల్ ఉంది, లాభం తగ్గకూడదు అంటారు డైరెక్టర్ గారు. ఆ మాట తప్పని నిరూపించలేకపోతున్నాను, ఒప్పుకోనూ లేకపోతున్నాను. ఏం చెయ్యమంటారు?"
— ఒక ఆర్టికల్ విద్యార్థిని, శ్రీకాకుళం

మీ అకౌంటెంట్ గారి మాటలో సగం నిజముంది. ఆయనతో వాదించలేకపోవడానికి కారణం కూడా అదే. ఏ సగం నిజమో, ఏ సగం కాదో అంకెల్లో విడదీస్తే వాదనతో పని ఉండదు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం. ముందు మీ సార్ అడిగిన ప్రశ్న.

మీరు జాబితా పట్టుకుని కాగితాల దగ్గరకి వెళ్లారు. జాబితాలో ఉన్న ప్రతిదీ నిజంగా ఉందా అన్న ప్రశ్నకి అది సరైన దారే. ప్రీపెయిడ్ ఖర్చులకి ఆ దారి చాలావరకు సరిపోతుంది. ప్రీపెయిడ్ అంటే రాబోయే కాలానికి ముందే కట్టేసిన ఖర్చు, అంటే ఆస్తి. లేని ఆస్తిని ఉన్నట్టు, చిన్నదాన్ని పెద్దదిగా చూపించే ప్రమాదం అక్కడ ఎక్కువ. అవుట్‌స్టాండింగ్ అంటే పని అందినా ఇంకా కట్టని ఖర్చు, అంటే అప్పు గనక దాని ప్రమాదం తిరగబడి ఉంటుంది. ఉన్నది చూపించకపోవడమే అక్కడ సమస్య. జాబితాలో రాయని దానికి జాబితాలో టిక్కు పెట్టలేరు కదా. కాబట్టి అప్పుల విషయంలో ముందు బయటి కాగితం పట్టుకుని, దాని జాడ జాబితాలో ఉందో లేదో చూడాలి. మీ పనిలో తప్పేమీ లేదు, సగం పనే అయింది, అంతే.

బయటి కాగితాల్లో అన్నిటికన్నా ఎక్కువ పట్టిచ్చేది ఏప్రిల్ 1 నుంచి మీరు ఫ్యాక్టరీలో కూర్చున్న రోజు దాకా ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటు, నగదు పుస్తకం. మార్చి 31కి బాకీ ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు డబ్బు తీసుకుంటారు. చాలామంది మొదటి రెండు నెలల్లోనే తీసుకుంటారు. అలాగని ప్రతి చెల్లింపూ చూడనక్కర్లేదు. ఒక కొలత పెట్టుకోండి. ఈ కంపెనీకి పన్నుకి ముందు లాభం 48 లక్షలనుకుందాం. అందులో 5 శాతం, అంటే 2,40,000ని మీ సార్ మొత్తం మీద ముఖ్యమైన తేడాకి హద్దుగా పెట్టుకున్నారనుకుందాం. అందులో పదోవంతు దరిదాపు 25,000. ఆ పైనున్న ప్రతి చెల్లింపుకీ వోచరు, బిల్లు తీయించండి. కింద ఉన్నవాటిలో నెలనెలా వచ్చేవాటిని వేరే పద్ధతిలో పట్టుకుంటాం.

తీసిన ప్రతి కాగితం మీదా అడగాల్సింది ఒక్కటే: ఈ పని, ఈ సరుకు, ఈ సేవ కంపెనీకి ఏ తేదీల్లో అందింది? బిల్లు తేదీ కాదు, చెల్లించిన తేదీ కాదు, ట్యాలీలో ఎక్కించిన తేదీ అసలే కాదు. ఆర్టికల్స్‌లో ఎక్కువమంది జారేది ఇక్కడే. బిల్లు మీద 'ఏప్రిల్' అని కనిపించగానే పక్కన పెట్టేస్తారు.

మీ బాయిలర్ బిల్లునే చూడండి. తేదీ ఏప్రిల్ 9, మొత్తం 1,80,000, దాని మీద జీఎస్టీ 18 శాతం వేరే అనుకుందాం. బిల్లు ప్రకారం అది ఏప్రిల్ ఖర్చే. ఇప్పుడు సెక్యూరిటీ గేటు రిజిస్టరు తీసి మార్చి పేజీలు తిప్పండి. విశాఖ నుంచి వెల్డింగువాళ్లు సిలిండర్లతో లోపలికి వచ్చిన రోజు, సామాను బయటికి వెళ్లిన రోజు రెండూ అక్కడ రాసి ఉంటాయి. తర్వాత బాయిలర్ ఆపరేటరు దగ్గరుండే లాగ్ పుస్తకం చూడండి. ఆవిరి ప్రెషరు రీడింగులు ఏ రోజు ఆగాయి, ఏ రోజు మళ్లీ మొదలయ్యాయి అన్నది గంటగంటకీ కనిపిస్తుంది. ఇలాంటి ఫ్యాక్టరీలో జీడిగింజల్ని ఆవిరి పట్టకుండా పగలగొట్టరు గనక బాయిలర్ ఆగితే గింజ ఉడికించిన బస్తాల లెక్క కూడా ఆ రోజుల్లో సున్నా ఉంటుంది. మార్చి 10న ఆగి 19న మళ్లీ వెలిగిందంటే పని మార్చిలోనే పూర్తయింది, 1,80,000 మార్చి ఖర్చే. జీఎస్టీ క్రెడిట్ తీసుకునే కంపెనీ గనక పన్ను మొత్తాన్ని ఇందులో కలపకూడదు. లాగ్ ప్రకారం పని ఏప్రిల్ 3 దాకా సాగి ఉంటే, మార్చి 31కి ఎంత పని అయిందో ఆ మేరకే వేయాలి. అప్పుడు ఫోర్‌మన్‌ని అడిగి, పని అంచనా కాగితంతో సరిచూసి రాసుకోండి.

సప్లయర్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లుల జాబితా, జీఎస్టీఆర్-2బి చూస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఏప్రిల్, మే నెలల 2బిలో మార్చి తేదీతో ఉన్న సప్లయర్ల బిల్లుల్ని వడపోసి, మార్చి పుస్తకాల్లో లేనివి ఏరడం మంచి పద్ధతే. ప్యాకింగు డబ్బాలవాడు మార్చి 29న బిల్లు కొట్టి రిటర్న్ ఆలస్యంగా వేస్తే అక్కడ దొరుకుతాడు. కానీ పై బాయిలర్ బిల్లు అందులో దొరకదు, ఎందుకంటే దాని తేదీయే ఏప్రిల్. కరెంటు మీద జీఎస్టీ లేదు గనక కరెంటు బిల్లు దొరకదు. రిజిస్ట్రేషన్ లేని హమాలీ మేస్త్రీ దొరకడు. పక్షం కూలి దొరకదు. అంటే 2బి ఒక వల మాత్రమే, దానికి కన్నాలు పెద్దవి. అది చూసి పని అయిపోయిందనుకుంటే మీ మూడు చేపలూ బయటే ఉండిపోతాయి.

ఇంకా చెల్లించని బిల్లుల మాట కూడా ఉంది. అకౌంటెంట్ గారి టేబులు మీదో, బీరువాలోనో క్లిప్పు పెట్టిన కట్ట ఒకటి ఉంటుంది: ఎక్కించనివి, రేటు తేలనివి, డైరెక్టర్ గారు సంతకం పెట్టనివి. 'ఇంకా బిల్లులున్నాయా అండీ' అంటే లేవంటారు. 'సార్ సంతకానికి ఆగినవి ఒకసారి ఇస్తారా' అని అడిగితే కట్ట బయటికొస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో దొరకని అప్పులు ఎక్కువగా ఉండేది ఆ కట్టలోనే.

25,000 కింద ఉన్న నెలవారీ ఖర్చుల కోసం ట్యాలీలో ఒక్కో లెడ్జరు తెరిచి నెలల వారీ సమ్మరీ చూడండి. అద్దె, సెక్యూరిటీ, ఇంటర్నెట్, అకౌంటింగు ఫీజు, బంధువుల దగ్గర తెచ్చిన అప్పు మీద వడ్డీ. పన్నెండు గళ్లు ఉండాల్సినచోట పదకొండే నిండి ఉంటే మార్చిది లేదన్నమాట. పదమూడు ఉంటే పోయిన సంవత్సరం మార్చిది ఇందులో కూర్చుంది, లేకపోతే ఈ ఏప్రిల్‌ది ముందే పడింది. దీంతోపాటు పోయిన ఏడాది అవుట్‌స్టాండింగ్ జాబితా పక్కన పెట్టుకోండి. అప్పుడు ఉండి ఇప్పుడు లేని పేరు ఏదైనా ఉంటే, ఆ ఒప్పందం ఆగిపోయిందా, రాయడం మరిచారా అన్నది తేల్చాలి.

ఆ జాబితాలోనే తిరగబడ్డ తప్పు కూడా దొరకవచ్చు. మార్చిలో అవుట్‌స్టాండింగ్ వేసి, ఏప్రిల్లో బిల్లు వచ్చాక దాన్ని మళ్లీ మొత్తం ఖర్చులో రాసి, పాత ఎంట్రీని అలాగే వదిలేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. జూన్ దాకా కదలకుండా అదే అంకె దగ్గర నిలబడ్డ అవుట్‌స్టాండింగ్ లెడ్జరు ఉంటే అనుమానించండి.

ఇక కూలి. పక్షం మార్చి 23 నుంచి ఏప్రిల్ 5 వరకు, ఏప్రిల్ 5 శనివారం 4,20,000 పంచారనుకుందాం. పద్నాలుగు రోజుల్లో తొమ్మిది రోజులు మార్చివి, కాబట్టి 4,20,000ని తొమ్మిది బై పద్నాలుగు చేస్తే సరి అనిపిస్తుంది. 2,70,000 వస్తుంది. కానీ గింజ ఒలిచే, తొక్క తీసే ఆడవాళ్లకి రోజు కూలి కాదు, కిలో లెక్కన కూలి. మార్చి 30 ఉగాది, ఆ రోజు ఫ్యాక్టరీ మూసి ఉంటే ఒక్క కిలో కూడా తూగలేదు. తూకం రిజిస్టరులో మార్చి 31 వరకు ప్రతి మనిషి ఎదుట ఉన్న కిలోల్ని రేటుతో గుణిస్తే 2,60,000 అయిందనుకోండి, దాన్నే తీసుకోండి. రిజిస్టరు చేతిలో ఉన్నచోట రోజుల లెక్కతో సరిపెట్టుకోవాల్సిన పనిలేదు.

కరెంటు దగ్గర మాత్రం నేను అంత పట్టు పట్టను. ఎందుకో చెబుతాను. ప్రతి నెలా 21న మీటరు రీడింగు తీస్తారని బిల్లు మీద ఉందనుకుందాం. ఫిబ్రవరి 22 నుంచి మార్చి 21 దాకా బిల్లు మార్చిలోనే పడింది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 21 వరకు బిల్లు 4,65,000, అది ఏప్రిల్ ఆఖర్లో వచ్చింది. ముప్పై ఒక్క రోజులకి పంచితే రోజుకి 15,000, మార్చి పది రోజులకి 1,50,000. ఇప్పుడు బిల్లుని విడగొట్టి చూడండి. అందులో డిమాండు ఛార్జీ 1,24,000 ఉంటే, ఫ్యాక్టరీ నడిచినా నడవకపోయినా అది రోజులని బట్టే పోతుంది: పది రోజులకి 40,000. మిగిలిన 3,41,000 వాడకాన్ని బట్టి. ఆ ముప్పై ఒక్క రోజుల్లో 1,100 బస్తాలు ఉడికి, అందులో 400 మార్చిలో ఉడికి ఉంటే బస్తాకి 310 చొప్పున 1,24,000. రెండూ కలిపి 1,64,000. మొదటి లెక్కకీ దీనికీ తేడా 14,000. మీ కొలత 25,000. కాబట్టి 1,50,000 దగ్గర ఆగండి. రెండో లెక్కని వర్కింగ్ పేపరులో పక్కన రాసి పెట్టండి, రోజుల లెక్క ఎంతవరకు తప్పగలదో దాంతో తెలుస్తుంది. అదే మార్చి ఆఖరి పది రోజులూ ఫ్యాక్టరీ మూతపడి ఉంటే తేడా లక్ష దాటేది, అప్పుడు రెండో లెక్కే తీసుకోవాలి. అంచనా దగ్గర ఖచ్చితత్వం ఎంత కావాలో ఆ అంకె ఎంత మార్పు తెస్తుందో దాన్నిబట్టి ఉంటుంది.

ప్రీపెయిడ్‌లో ఒకటి చూడమంటాను: ఇన్సూరెన్సు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటల్ని ఎలా పడగొట్టిందో చూసిన ప్రాంతం గనక గోదాముల మీద పాలసీ చిన్నదేమీ ఉండదు. పాలసీ 2024 అక్టోబరు 16 నుంచి 2025 అక్టోబరు 15 వరకు, ప్రీమియం 3,65,000, జీఎస్టీ 65,700, మొత్తం 4,30,700 అనుకుందాం. మార్చి 31 తర్వాత మిగిలిన రోజులు 198. ప్రీమియం మీద లెక్కేస్తే 1,98,000 రావాలి. అకౌంటెంట్ గారు నెలల్లో లెక్కేసి ఆరున్నర నెలలకి 1,97,708 పెడితే దాని మీద గొడవ పడకండి. కానీ జాబితాలో 2,33,640 ఉంటే ఆగండి. అది 4,30,700 మీద వేసిన లెక్క. జీఎస్టీ క్రెడిట్ అప్పటికే తీసేసుకున్నాక దాని భాగాన్ని మళ్లీ ప్రీపెయిడ్‌లో చూపిస్తే 35,640 లేని ఆస్తి పుడుతుంది, ఖర్చు అంతే తగ్గుతుంది. బిల్లు ఉంది, మొత్తం కలుస్తుంది, గుణకారం కూడా సరైనదే. అందుకే టిక్కు పడిపోతుంది. జీఎస్టీ ఇన్‌పుట్ లెడ్జరులో అదే బిల్లు కోసం వెతికితేనే బయటపడుతుంది. పనిలో పనిగా పోయిన ఏడాది ప్రీపెయిడ్ నిల్వ ఈ ఏడాది పూర్తిగా ఖర్చులోకి వెళ్లిందో లేదో చూడండి. ఓపెనింగు డెబిట్ అలాగే కూర్చుని ఉంటే, గడువు తీరిన పాలసీ ఇంకా ఆస్తిగా ఉన్నట్టే.

ఇప్పుడు 'పన్నెండు బిల్లులు పడ్డాయి కదా' అన్న మాట దగ్గరికి వద్దాం. పోయిన ఏడాది మార్చి కరెంటు కూడా ఇలాగే వదిలేశారు, అది ఈ ఏడాది ఖర్చులో పడింది. పోయిన ఏడాది ఒకే షిఫ్టు గనక ఆ పది రోజులది 90,000 అనుకుందాం. ఈ ఏడాది లాభనష్టాల ఖాతాలో తనది కాని 90,000 వచ్చింది, తనదైన 1,50,000 రాలేదు. ఖర్చు తగ్గింది 60,000 మాత్రమే. కూలి కూడా అంతే: పోయిన మార్చిది 2,30,000 లోపలికి వచ్చింది, ఈ మార్చిది 2,60,000 బయట ఉంది, నికరం 30,000. ఈ రెండిటి వరకు ఆయన మాట లాభనష్టాల ఖాతాకి దాదాపు సరిపోతుంది. ఫ్యాక్టరీ పెరగకుండా, రేట్లు మారకుండా ఉంటే పూర్తిగా సరిపోయేది.

సరిపోనివి రెండు. ఒకటి, బాయిలర్ రిపేరు ఏటా వచ్చేది కాదు. పోయిన ఏడాది దానికి జోడీ లేదు, కాబట్టి 1,80,000 మొత్తం ఈ ఏడాది లాభాన్ని పెంచేసింది. ప్రీపెయిడ్ తప్పు కూడా పోయిన ఏడాది లెక్కలో లేకపోతే 35,640 మొత్తం అంతే. రెండు, బ్యాలెన్సు షీటు పోయిన ఏడాదితో ఎదురు తీసివేతలు ఒప్పుకోదు. మార్చి 31 నాటికి కంపెనీ ఎంత బాకీ ఉందో అంత చూపించాలి. అక్కడ కరెంటు తప్పు 60,000 కాదు, 1,50,000. కూలి తప్పు 30,000 కాదు, 2,60,000.

కలిపి చూస్తే లాభం మీద తేడా 60,000, 30,000, 1,80,000, 35,640, మొత్తం 3,05,640. బ్యాలెన్సు షీటు మీద 1,50,000, 2,60,000, 1,80,000, 35,640, మొత్తం 6,25,640. మీ సార్ హద్దు 2,40,000. రెండూ దాటాయి. ఈ రెండు మొత్తాల మధ్య 3,20,000 తేడా ఉంది చూశారా, అకౌంటెంట్ గారి మాటలో నిజమున్న భాగం విలువ అదే.

ఇక్కణ్నుంచి దారులు మూడు, నిర్ణయం మీది కాదు. మీ పని మూడిటినీ అంకెలతో మీ సార్ ముందు పెట్టడం.

అన్నీ సరిచేయడం మొదటిది. పుస్తకాల్లో 6,25,640 మేర ఎంట్రీలు పడతాయి. అందులో 3,20,000 పోయిన ఏడాదికి చెందినది గనక అకౌంటింగ్ స్టాండర్డ్ 5 ప్రకారం దాన్ని గత కాలపు అంశంగా విడిగా చూపించాలి. బ్యాలెన్సు షీటు శుభ్రపడుతుంది, వచ్చే ఏడాది ఈ చర్చే ఉండదు. కానీ ఒక్క ఏడాదికి లాభం 6,25,640 తగ్గి కనిపిస్తుంది. ట్యాక్స్ ఆడిట్ ఉంటే ఫారం 3సిడిలో 27(బి) కింద ఆ 3,20,000 రాయాల్సి వస్తుంది, దాన్ని ఈ ఏడాది ఆదాయంలోంచి తగ్గించుకోవడం మీద ప్రశ్న రావచ్చు. డైరెక్టర్ గారికి ఇది ముందే చెప్పాలి. ఒక మాట: అంచనాకి, తర్వాత వచ్చిన అసలు బిల్లుకి మధ్య మామూలుగా వచ్చే తేడా గత కాలపు అంశం కాదు. 1,50,000 వేసి బిల్లు ప్రకారం 1,64,000 అయితే ఆ 14,000 వచ్చే ఏడాది మామూలు ఖర్చే. పొరపాటునో, తెలిసో వదిలేసినదే గత కాలపు తప్పు.

బాయిలరు, ప్రీపెయిడ్ రెండే సరిచేసి, కరెంటు, కూలి అలవాటు ప్రకారం వదిలేయడం రెండోది. లాభంలో మిగిలే తేడా 90,000, హద్దు లోపలే. అప్పుల్లో మిగిలేది 4,10,000, హద్దు పైన. చాలా ఆఫీసుల్లో రాజీ ఇక్కడే కుదురుతుంది, 'లాభానికి తేడా లేదు కదా' అంటారు. నా ఉద్దేశంలో ఇది బలహీనమైన దారి. వచ్చే ఏడాది మూడో షిఫ్టు పెడితే, లేదా పక్షం చివర మార్చి 31నే పడితే జోడీ చెదిరి తేడా ఒక్కసారిగా పెరుగుతుంది. అయినా మీ సార్ దీన్ని ఒప్పుకోవచ్చు, ఏడాదిలోపు తీర్చాల్సిన మొత్తం అప్పుల పరిమాణం చూసి. అలా ఒప్పుకుంటే ఆ 4,10,000, 90,000 అంకెలు రెండూ సరిచేయని తప్పుల పట్టికలో ఎక్కి, మేనేజ్‌మెంటు ఇచ్చే రాతపూర్వక ధ్రువీకరణకి జతపడాలి. ఆడిటింగ్ స్టాండర్డ్ ఎస్‌ఏ 450 అడిగేది అదే.

ఏదీ మార్చము అనడం మూడోది. అప్పుడు 3,05,640 లాభంలో మిగిలిపోతుంది. హద్దు దాటిన తప్పు సరిచేయకపోతే రిపోర్టులో అభ్యంతరం రాయాలా అన్నది మీ సార్ ఆలోచించాలి. బ్యాంకు రెన్యువల్‌కి లాభం కొంచెం తగ్గడం కన్నా అభ్యంతరమున్న ఆడిట్ రిపోర్టు ఎంత ఇబ్బందో డైరెక్టర్ గారికి చెప్పనక్కర్లేదు.

ఆయన భయాన్ని కూడా అంకెల్లో పెట్టి చూపించండి. ఏడాదిలోపు డబ్బుగా మారే ఆస్తులు 9 కోట్లు, ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు 6.50 కోట్లు ఉంటే వాటి రేషియో 1.38. అన్నీ సరిచేశాక ఆస్తులు 35,640 తగ్గి, అప్పులు 5,90,000 పెరిగితే 1.37. బ్యాంకులు సాధారణంగా చూసే 1.33 కన్నా పైనే ఉంది. అసలు అంకెలు మీ దగ్గరున్నాయి, ఐదు నిమిషాల పని. చాలాసార్లు ఈ కాగితం చూశాకే మొదటి దారికి తలుపు తెరుచుకుంటుంది.

అకౌంటెంట్ గారి విషయంలో ఒకటి గమనించండి. మార్చిలో అవుట్‌స్టాండింగ్ వేయడానికి వెనకాడేది చాలాసార్లు టీడీఎస్ వల్ల. కాంట్రాక్టరు ఖాతాలో మార్చి 31న జమ చేస్తే, ఆ పేరు పెట్టకుండా వేరే ఖాతాలో వేసినా, టీడీఎస్ మినహాయించి ఏప్రిల్ 30 లోపు కట్టాలి. ఇప్పుడు మీరొచ్చి వేయమంటే అది దాటిపోయిందని ఆయన కంగారు. ఆ మాట పైకి అనరు, 'ఏటా ఇంతే' అంటారు. బాయిలర్ రిపేరు చేసినది ఒక వ్యక్తి సొంత వ్యాపారమైతే టీడీఎస్ 1 శాతం, అంటే 1,800. ఏప్రిల్లో బిల్లు ఎక్కించినప్పుడే అది మినహాయించి కట్టేసి ఉంటే, ఆలస్యం మీద నెలకి 1 శాతం వడ్డీ పదుల రూపాయల్లోనే ఉంటుంది. నాలుగో త్రైమాసికం రిటర్న్ సవరించాలి. ఆదాయపు పన్ను రిటర్న్ గడువు లోపు టీడీఎస్ జమై ఉంటే ఆ ఖర్చులో 30 శాతం తిరస్కరించే సెక్షన్ 40(ఎ)(ఐఎ) బెడద కూడా ఉండదు. ఈ లెక్క ముందే వేసుకుని, 'టీడీఎస్ ఇబ్బందేమైనా ఉందాండీ, ఇదిగో ఇంతే అవుతుంది' అని మీరే అడగండి. వయసులో పెద్దాయన, తప్పు పట్టారన్న మాట రాకుండా కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోవచ్చు.

ఆయన చెప్పిన సమాధానాన్ని మాత్రం ఆధారంగా రాసుకోకండి. 'అడిగాం, లేవన్నారు' అన్న వాక్యం వర్కింగ్ పేపరులో ఉంటే మీ సార్ మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. చూసిన చెల్లింపులు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంత మొత్తానికి పైన, గేటు రిజిస్టరు ఏ పేజీలు, తూకం రిజిస్టరు ఏ రోజులు, 2బి ఏ నెలలు అన్నవి రాయండి. చూసినవాటిలో మార్చికి చెందనివని తేల్చినవి కూడా కారణంతో సహా ఉండాలి, దొరికినవి నాలుగే రాస్తే మిగతావి చూశారో లేదో ఎవరికీ తెలియదు. రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు మరో రెండు వారాల బ్యాంకు స్టేట్‌మెంటు వచ్చి ఉంటుంది, ఆ వరకు పొడిగించండి. ఆ రెండు వారాల్లోనే బోనసు గురించి కూడా అడగండి. కనీసం 8.33 శాతం చట్టప్రకారం ఇవ్వాల్సిందే, కానీ సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోపు ఇవ్వొచ్చు గనక దసరాకో దీపావళికో పంచుతారు. మీరు చూసిన ఏప్రిల్, మే, జూన్ చెల్లింపుల్లో అది కనిపించదు.